రెండు ఫ్యాన్లూ మన సరుకే, ఏది కొనమని రాయాలి?

ఎండలు ముదిరాక ఎలక్ట్రికల్ షాపు కౌంటరు దగ్గర రోజూ వినిపించే ప్రశ్న ఒకటుంది. “అన్నా, ఈ రిమోట్ ఫ్యాను నిజంగా కరెంటు తక్కువ తింటుందా, ఊరికే అంటారా?” అనుభవం ఉన్న షాపతను వెంటనే అవుననీ అనడు, కాదనీ అనడు. “ఏ గదిలో పెడతారు? రోజుకి ఎన్ని గంటలు తిరుగుతుంది? ఇంట్లో ఇన్వర్టరు ఉందా?” అని తిరిగి అడుగుతాడు. ఆ మూడు జవాబులూ వినేసరికి ఏ డబ్బా కిందికి దించాలో అతనికి తెలిసిపోతుంది.

అదే షాపు ఆన్‌లైన్‌లోకి వచ్చాక తిరిగి అడిగే మనిషి ఉండడు. రాత్రి పదకొండింటికి, ఉక్కపోతకి నిద్రపట్టక, ఫోన్‌లో రెండు ఫ్యాన్ల బొమ్మలు చూస్తూ కూర్చున్న కొనుగోలుదారు మాత్రమే ఉంటాడు. ఫ్యాను కొనాలా వద్దా అన్న మీమాంస అతనికి లేదు, అది పగలే తేలిపోయింది. ఏది కొనాలన్నదే మిగిలింది. రెండు సరుకుల్ని పక్కపక్కన పెట్టి రాసే పోలిక వ్యాసం అతని కోసమే. కానీ ఆన్‌లైన్ దుకాణాలు రాసే పోలికలు చాలావరకు ఒకే తీరున ఉంటాయి. ఒక వరసలో అన్నీ పచ్చ టిక్కులు, రెండో వరసలో అన్నీ ఎర్ర ఇంటూలు. రెండోది అంత పనికిమాలిన సరుకైతే దాన్ని ఈ దుకాణంలోనే ఎందుకు అమ్ముతున్నారన్న అనుమానం చదివేవాడికి రాకుండా ఉంటుందా? వస్తుంది. వచ్చాక ఇంకో దుకాణం తెరుస్తాడు.

ఉన్నదున్నట్టు రాస్తే ఖరీదైన సరుకు కదలదేమో అన్న భయం వ్యాపారుల్లో గట్టిగా ఉంది. ఆ భయంలో ఎంత నిజముందో ఫ్యాన్లతోనే లెక్కవేసి చూద్దాం. విజయవాడలో ఒక షాపు ఉందనీ, మామూలు సీలింగ్ ఫ్యానునీ బీఎల్‌డీసీ ఫ్యానునీ రెండిటినీ ఆన్‌లైన్‌లో అమ్ముతోందనీ అనుకుందాం. మామూలుది 1,600 రూపాయలు, బీఎల్‌డీసీ 3,000. దుకాణానికి మామూలు ఫ్యాను మీద 150, బీఎల్‌డీసీ మీద 400 మిగులుతాయి. ఇవి నేను అనుకున్న అంకెలే. మీ దుకాణం అంకెలు వాటి స్థానంలో వేసుకోవచ్చు.

తేడా ఎక్కడుంది

పోలిక రాసేవాడికి ముందు సరుకు లోపలి సంగతి తెలియాలి. మామూలు సీలింగ్ ఫ్యానులో ఉండేది ఇండక్షన్ మోటారు. రోటరులోకి కరెంటుని ప్రేరేపించి తిప్పే పద్ధతి కావడంతో కొంత కరెంటు వేడిగా వృథా పోతుంది. బీఎల్‌డీసీలో రోటరుకి శాశ్వత అయస్కాంతాలు ఉంటాయి. ఇంటి ఏసీ కరెంటుని ఒక చిన్న ఎలక్ట్రానిక్ బోర్డు డీసీగా మార్చి, ఏ చుట్టకి ఎప్పుడు ఇవ్వాలో చూసుకుంటుంది. అందుకే 48 అంగుళాల మామూలు ఫ్యాను ఫుల్ స్పీడులో సుమారు 75 వాట్లు తీసుకుంటే, అదే సైజు బీఎల్‌డీసీ 30 వాట్ల దగ్గర తిరుగుతుంది.

ఆదా అంతా ఆ బోర్డులోనూ అయస్కాంతాల్లోనూ ఉంది. ఇబ్బందీ ఆ బోర్డు దగ్గరే ఉంది. మామూలు ఫ్యాను నెమ్మదిస్తే కండెన్సర్ మార్చుకుంటే సరిపోతుంది, వీధి చివర ఎలక్ట్రీషియన్ పది నిమిషాల్లో చేసి వెళ్తాడు. మోటారు కాలినా ప్రతి పట్నంలోనూ వైండింగ్ షాపు ఉంది. బీఎల్‌డీసీ బోర్డు పోతే మాత్రం ఆ కంపెనీ సర్వీసువాళ్లే రావాలి, ఆ మోడల్ బోర్డే దొరకాలి. నరసరావుపేటలోనో సిరిసిల్లలోనో ఉన్న కొనుగోలుదారుకి ఈ ఒక్క విషయం 45 వాట్ల ఆదా కన్నా పెద్దది కావచ్చు.

పోలికలో ముందుగా ఎగిరిపోయేది ఈ రిపేరు సంగతే. అబద్ధం రాయకుండానే మోసం చేయొచ్చు, ఒక వరస తీసేస్తే చాలు.

అలా జరగకుండా ఉండాలంటే ఏయే విషయాల మీద పోల్చాలో ముందే కాగితం మీద రాసుకోవాలి. ఏ సరుకు మీద ఎంత మిగులుతుందో, గోడౌన్‌లో ఏది పేరుకుపోయిందో చూడకముందే ఈ పని అయిపోవాలి. చూశాక రాస్తే, మనకు తెలియకుండానే చెయ్యి మిగులు ఎక్కువున్న వైపుకి జారుతుంది. విషయాలు ఎక్కడి నుంచి వస్తాయంటే, కౌంటరు దగ్గరా ఫోన్లోనూ జనం అడిగిన ప్రశ్నల నుంచే. ఫ్యాన్ల విషయంలో అవి ఐదారుకి మించవు: ధర, గాలి, కరెంటు, చప్పుడు, కరెంటు పోయినప్పుడు ఇన్వర్టరు మీద తీరు, రిపేరు. “మోటారులో వాడిన రాగి శాతం” లాంటివి కంపెనీ కరపత్రంలో ఉంటాయి గానీ కొనేవాడెవడూ అడగడు. అడగని వరసలు చేరుస్తూ పోతే పట్టిక పొడుగవుతుంది, ఒక సరుకుకి టిక్కులు పెరుగుతాయి. చదివేవాడికి ఒరిగేది లేదు.

రెండో జాగ్రత్త, సమానమైన వాటినే పోల్చడం. 48 అంగుళాల బీఎల్‌డీసీని 48 అంగుళాల మామూలుదాంతోనే పెట్టాలి. ఒకదానికి డబ్బా మీద ముద్రించిన గరిష్ఠ ధర, రెండోదానికి తగ్గింపు ధర వేయకూడదు. అన్నిటికన్నా ముఖ్యం గాలి. వాట్లు తగ్గించడం పెద్ద విద్య కాదు, ఫ్యానుని నెమ్మదిగా తిప్పితే అవే తగ్గుతాయి. నిమిషానికి ఎన్ని ఘనపు మీటర్ల గాలి తోస్తుందన్న అంకె పక్కన లేకుండా వాట్ల అంకె ఒక్కటే వేస్తే ఆ పోలికకు అర్థం లేదు. 2023 జనవరి నుంచి మన దేశంలో సీలింగ్ ఫ్యాన్లకు స్టార్ లేబుల్ తప్పనిసరి. ఆ స్టార్లు ఇచ్చేది కూడా వాట్లను మాత్రమే చూసి కాదు, ఒక్కో వాటుకి ఎంత గాలి వస్తోందన్న నిష్పత్తిని చూసి. కాబట్టి అంకెల కోసం కరపత్రం వెతుక్కోనక్కర్లేదు, లేబుల్ చూస్తే చాలు.

వీలైతే మీరే కొలవండి. ప్లగ్గులో పెట్టే చిన్న వాట్ మీటరుకి పెద్ద ఖర్చేమీ కాదు. రెండు ఫ్యాన్లనూ వేలాడదీసి ఒక్కో స్పీడు దగ్గర ఎన్ని వాట్లు చూపిస్తోందో రాసుకోండి. క్లాంప్ మీటరుతో ఆంపియర్లు చూసి 230తో గుణించొద్దు, పవర్ ఫ్యాక్టర్ వల్ల ఆ లెక్క తప్పుతుంది. ఫుల్ స్పీడులో ఉన్న తేడా మూడో నంబరు దగ్గర అంతే ఉండదని ఈ కొలతలోనే బయటపడుతుంది. ఆ మాట వ్యాసంలో రాసిన దుకాణాన్ని కొనేవాడు గుర్తు పెట్టుకుంటాడు, ఎందుకంటే అది కంపెనీవాడు చెప్పే మాట కాదు, స్వయంగా చూసినవాడు మాత్రమే చెప్పగలిగేది.

అరవై ఐదు శాతం కథ

బీఎల్‌డీసీ ప్రకటనల్లో “65 శాతం కరెంటు ఆదా” అన్న మాట తరచుగా కనబడుతుంది. 80 వాట్ల ఫ్యాను స్థానంలో 28 వాట్లది పెడితే తగ్గేవి 52 వాట్లు, అంటే 80లో సరిగ్గా 65 శాతం. అంకెలో తప్పు లేదు. చదివేవాడు మాత్రం దాన్ని తన కరెంటు బిల్లుకి అన్వయించుకుంటాడు. ఏసీ, ఫ్రిజ్, గీజరు ఉన్న ఇంట్లో ఒక ఫ్యాను మారిస్తే బిల్లు 65 శాతం తగ్గదని మనకు తెలుసు, అతనికి తెలియకపోవచ్చు. రెండు నెలల తర్వాత బిల్లు చేతికొచ్చాక తిట్టేది కంపెనీని కాదు, అమ్మిన దుకాణాన్నే.

శాతాలు వదిలి రూపాయల్లోకి రండి. తేడా 45 వాట్లు అనుకుంటే, పడకగదిలో రోజుకి 12 గంటలు తిరిగే ఫ్యాను మీద రోజుకి 0.54 యూనిట్ మిగులుతుంది. ఏడాదిలో 300 రోజులు వాడితే 162 యూనిట్లు. యూనిట్ 6 రూపాయల చొప్పున 972 రూపాయలు. రెండు ఫ్యాన్ల ధరల తేడా 1,400 కాబట్టి ఏడాదిన్నర తిరక్కుండానే ఆ డబ్బు వెనక్కి వస్తుంది. ఇది చాలా మంచి బేరం, గొంతెత్తి చెప్పుకోవచ్చు.

ఇప్పుడు అదే ఫ్యానుని హాల్లో పెడదాం. సాయంత్రం మూడు గంటలే తిరుగుతుంది. ఏడాదికి మిగిలేవి 40 యూనిట్ల చిల్లర, 243 రూపాయలు. పెట్టిన 1,400 వెనక్కి రావడానికి ఆరేళ్లకు దగ్గర పడుతుంది, ఈలోగా వారంటీ గడిచిపోతుంది. చుట్టాలొస్తే తప్ప తలుపు తీయని గదిలో, ఏడాదికి 30 రోజులు, రోజుకి పది గంటల లెక్కన చూస్తే మిగిలేది 81 రూపాయలు. పదిహేడేళ్లు కాచుకోవాలి. ఆ గదికి బీఎల్‌డీసీ అంటగట్టడం అన్యాయం.

ఇంకో మెలిక ఉంది. మన దగ్గర ఇళ్ల కరెంటు ధర స్లాబుల్లో ఉంటుంది, వాడకం పెరిగేకొద్దీ యూనిట్ ధర పెరుగుతుంది. ఫ్యాను మారిస్తే తగ్గేవి పైన ఉన్న ఖరీదైన యూనిట్లు. ఎక్కువ కాల్చే ఇంటికి లాభం ఎక్కువ, తక్కువ కాల్చే ఇంటికి తక్కువ. పడకగది లెక్కనే యూనిట్ 3 రూపాయలకు వేస్తే ఆదా ఏడాదికి 486 రూపాయలకు దిగుతుంది, డబ్బు తిరిగి రావడానికి మూడేళ్లు పడుతుంది. అందుకే వ్యాసంలో “మీ బిల్లులో చివరి స్లాబు ధర చూసుకోండి” అన్న ఒక్క వాక్యం ఉండాలి. బిల్లు వెనకా ముందూ తిప్పి ఆ అంకె వెతికిన మనిషి సగం కొన్నట్టే.

రిపేరు కూడా రూపాయల్లోకే దించొచ్చు. వారంటీ అయిపోయాక బోర్డు ఒకసారి మార్చాల్సి వచ్చి 800 అయిందనుకుందాం. అప్పుడు బీఎల్‌డీసీ మీద అదనంగా పెట్టింది 2,200. పడకగదిలో అది కూడా రెండేళ్ల మూడు నెలల్లో వచ్చేస్తుంది. హాల్లో తొమ్మిదేళ్లు పడుతుంది. చూశారా, ఖరీదైన సరుకు లోపాన్ని దాచకుండా లెక్కలో కలిపినా పడకగది తీర్పు మారలేదు. లోపం చెప్పాక కూడా నిలబడిన తీర్పుని కొనేవాడు నమ్ముతాడు. దాచి చెప్పిన తీర్పుని పక్కింటి ఎలక్ట్రీషియన్ ఒక్క మాటతో కూలదోస్తాడు.

డబ్బు లెక్కలోకి రానివి రెండున్నాయి. కరెంటు కోతలున్న ఊళ్లో ఇన్వర్టరు మీద ఫ్యాన్లు మాత్రమే నడిపే ఇంట్లో, 75 వాట్ల బదులు 30 వాట్లయితే అదే బ్యాటరీ రెట్టింపుకి పైగా లాగుతుంది. ఆ ఇంటికి బిల్లు ఆదా గురించి చెప్పే పనే లేదు, అర్ధరాత్రి ఉక్కపోత గురించి చెబితే చాలు. రెండోది, లోవోల్టేజీ ఉన్నచోట మామూలు ఫ్యాను నీరసంగా తిరుగుతుంది, బీఎల్‌డీసీ చాలావరకు ఒకే వేగంతో తిరుగుతుంది. ఎదురుగా పెట్టాల్సిన ఇబ్బంది కూడా ఒకటుంది. చాలా బీఎల్‌డీసీ ఫ్యాన్లు గోడ మీద పాత రెగ్యులేటరుతో పనిచేయవు. దాన్ని తప్పించి నేరుగా వైరు ఇవ్వాలి, స్పీడు మార్చాలంటే రిమోట్ కావాలి. రిమోట్ మంచం కింద పడిపోతే పెద్దవాళ్లకి అవస్థ. గోడ రెగ్యులేటరుతో నడిచే మోడళ్లు కూడా ఉన్నాయి కాబట్టి అమ్మే మోడల్ ఏ రకమో స్పష్టంగా రాయాలి. బిగించాక రెగ్యులేటరు పనిచేయడం లేదంటూ వెనక్కి వచ్చే డబ్బాలు ఆ ఒక్క వాక్యం లేక వచ్చేవే.

తీర్పు ఎలా రాయాలి

ఇంత లెక్క చేశాక కూడా చాలామంది చివర్లో తడబడతారు. “రెండూ మంచివే, మీ అవసరాన్ని బట్టి ఎంచుకోండి” అని చేతులు దులుపుకుంటారు. పక్షపాతం లేకుండా ఉండటమంటే తీర్పు చెప్పకపోవడం అనుకుంటారు. రాత్రి పదకొండింటికి ఫోన్ చూస్తున్న మనిషికి ఆ వాక్యం వల్ల నిద్ర తప్ప ఏమీ రాదు. తీర్పు చెప్పాలి, కాకపోతే ఎవరికన్నది కలిపి చెప్పాలి.

మామూలుగా కనబడే రాత ఇలా ఉంటుంది:

“పెరిగే కరెంటు బిల్లులకు చెక్! మా బీఎల్‌డీసీ ఫ్యాన్‌తో 65 శాతం ఆదా. పాతకాలం ఫ్యాన్లు మీ డబ్బు తినేస్తున్నాయి. ఈరోజే మార్చేయండి!”

దాన్ని నేనైతే ఇలా మారుస్తాను:

“రాత్రంతా తిరిగే పడకగది ఫ్యాను కోసం చూస్తుంటే బీఎల్‌డీసీ తీసుకోండి. రోజుకి 12 గంటలు వాడి, యూనిట్‌కి 6 రూపాయలు కడుతుంటే అదనంగా పెట్టిన 1,400 ఏడాదిన్నరలోపే వస్తాయి. ఇన్వర్టరు మీద నడిపే ఇంటికైతే ఇంకో ఆలోచన అక్కర్లేదు. రోజుకి మూడు నాలుగు గంటలు మించి వాడని గదికి మామూలు ఫ్యానే మేలు, మిగిలిన డబ్బు మీ దగ్గరే ఉంచుకోండి. బీఎల్‌డీసీ కంపెనీ సర్వీసు మీ ఊళ్లో లేకపోతే, పడకగదికైనా ఒకటికి రెండుసార్లు ఆలోచించండి. ఏ ఊళ్లలో ఉందో కింద ఇచ్చాం.”

రెండో రాతలో అమ్మకం తగ్గిందా? ఒక్క సరుకుకి బదులు రెండు సరుకులు అమ్ముతోంది. మూడు గదుల ఇల్లున్నవాడు పడకగదులకు రెండు బీఎల్‌డీసీలు, హాలుకి ఒక మామూలుది అని ఒకేసారి ఆర్డరు పెట్టడానికి దారి చూపిస్తోంది. “ఇది మీకు వద్దు” అన్న వాక్యం ఉండటం వల్లే “ఇది మీకు కావాలి” అన్న వాక్యానికి బలం వచ్చింది.

కొనే బటన్లు కూడా అక్కడే ఉండాలి. పడకగది తీర్పు కింద బీఎల్‌డీసీ బటను, హాలు తీర్పు కింద మామూలు ఫ్యాను బటను, రెండూ ఒకే సైజులో, ఒకే రంగులో. వ్యాసం మొదట్లోనే పెద్ద బటను పెట్టి, మామూలు ఫ్యాను బటనుని ఎక్కడో అడుగున బూడిదరంగులో పెడితే, అక్షరాల్లో చూపిన నిజాయితీని రంగుల్లో తీసేసినట్టే. పట్టిక పెట్టాలనుకుంటే ఆరు వరసలు చాలు, ప్రతి అంకె పక్కనా దాని కొలమానం ఉండాలి. ఏ సరుకూ ప్రతి వరసలోనూ గెలవదు. మీ పట్టికలో ఒకటి గెలిచేసిందంటే ఏదో వరస మిస్సయింది, వెతకండి.

ఇప్పుడు మొదట అనుకున్న మిగులు సంగతి. బీఎల్‌డీసీ ఒకటి వెనక్కి వస్తే రానుపోను కొరియరు, విప్పిన డబ్బా తక్కువ ధరకు వదిలించుకోవడం కలిపి 500 నష్టమనుకుందాం. ఊదరగొట్టి రాసిన వ్యాసం పదిమందికీ బీఎల్‌డీసీయే అమ్మింది, అందులో నప్పనివాళ్లు ముగ్గురు తిప్పి పంపారు. ఏడు నాలుగువందలు 2,800, అందులోంచి 1,500 పోతే మిగిలింది 1,300. సరిగ్గా రాసిన వ్యాసం ఆరుగురికి బీఎల్‌డీసీ, ముగ్గురికి మామూలుది అమ్మింది, ఒకరు ఏమీ కొనకుండా వెళ్లిపోయారు. 2,400కి 450 కలిపితే 2,850. ఇది ఊహాలెక్కే, అందుకే ఎవరికి వారు సొంత అంకెలతో వేసి చూసుకోవాలి. వాపసులు దాదాపు లేని సరుకైతే తేడా ఇంత ఉండదు, తారుమారు కూడా కావచ్చు. కానీ ఫ్యాను, మిక్సీ, గీజరు లాంటి బిగించి చూస్తే తప్ప తెలియని సరుకుల్లో వాపసు ఖర్చు పక్కన పెట్టి అమ్మకాలు మాత్రమే లెక్కపెట్టేవాళ్లు తమను తామే మోసం చేసుకుంటున్నారు. వ్యాసం పనిచేస్తోందో లేదో చూడాలంటే ఎంతమంది చదివారన్నది కాకుండా, చదివి కొన్నవాళ్లలో ఎంతమంది తిప్పి పంపారు, ఏ కారణం రాశారు అన్నది చూడాలి. ఒకే కారణం రెండుసార్లు కనబడితే వ్యాసంలో ఆ వాక్యం లేదన్నమాట.

చట్టం ఏమంటోంది

ఎదుటివాడి సరుకుతో పోల్చడాన్ని మన చట్టం తప్పనడం లేదు. వ్యాపార నీతికి లోబడి ఉంటే ఇతరుల బ్రాండు పేరు చెప్పడానికి కూడా 1999 ట్రేడ్ మార్కుల చట్టం ఒప్పుకుంటుంది. చిక్కు వచ్చేది కించపరిస్తేనే. బట్టల నీలిమందు విషయంలో రాబిన్ బ్లూ కంపెనీ, ఉజాలా ప్రకటన మీద కలకత్తా హైకోర్టుకి వెళ్లిన కేసులో వచ్చిన తీర్పుని ఇప్పటికీ ఉదహరిస్తారు. మన సరుకు మేలని చెప్పుకోవచ్చు, రెండిటినీ పోల్చి ఎందులో మేలో చూపవచ్చు, ఎదుటివాడి సరుకు చెడ్డదని మాత్రం అనకూడదన్నది దాని సారం. ప్రకటనల ప్రమాణాల మండలి ‘ఆస్కీ’ నియమావళి ఇంకో అడుగు వేసి, తనకు కృత్రిమంగా మేలు కలిగేలా పోలిక అంశాన్ని ఎంచుకోకూడదంటుంది. తీసేసిన రిపేరు వరస ఆ మాట కిందికే వస్తుంది.

2022 జూన్‌లో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ తెచ్చిన మార్గదర్శకాల ప్రకారం ప్రకటనలో చెప్పిన దానికి రుజువు ఉండాలి. షరతులు ఏ భాషలో ప్రకటన చేశారో ఆ భాషలోనే ఉండాలి. తెలుగులో “65 శాతం ఆదా” అని పెద్దగా వేసి, అడుగున ఇంగ్లిషులో చిన్న అక్షరాలతో “ఫుల్ స్పీడులో మాత్రమే” అనడం కుదరదు. తప్పుదోవ పట్టించే ప్రకటనకు 2019 వినియోగదారుల చట్టం కింద 10 లక్షల దాకా జరిమానా పడొచ్చు. దుకాణంవాళ్లే కొనుగోలుదారుల్లా రివ్యూలు రాసుకోవడాన్ని 2020 ఈ-కామర్స్ నియమాలు నిషేధించాయి. పోలిక కింద “మా అత్తగారికి చాలా నచ్చింది” అని మన గుమస్తా చేత రాయించడం కూడా అందులోకే వస్తుంది.

ఏదైనా కంపెనీ ఈ వ్యాసం కోసం డబ్బో, ఫ్యానో, అదనపు కమీషనో ఇచ్చి ఉంటే ఆ సంగతి పైనే రాసేయడం మంచిది. “ఈ రెండు ఫ్యాన్లూ మేం అమ్ముతాం, బీఎల్‌డీసీ మీద మాకు ఎక్కువ మిగులుతుంది” అని రాసిన దుకాణం నాకు ఇంతవరకు కనబడలేదు. రాస్తే కొనేవాడు పారిపోతాడని నేననుకోను. ఖరీదైన దాని మీద ఎక్కువ మిగులుతుందని అతనికి ముందే తెలుసు, ఆ మాట చెప్పి కూడా హాలుకి మామూలుదే కొనమంటున్నారంటే ఆగి చదువుతాడు.

చివరిగా తేదీ. ధరలు మారతాయి, కరెంటు టారిఫ్ మారుతుంది, స్టార్ రేటింగు గీతలు కూడా ఎప్పటికప్పుడు పైకి జరుగుతాయి, నిన్నటి ఐదు స్టార్లు రేపు నాలుగు కావచ్చు. వ్యాసం మీద “ఈ ధరలు ఫలానా రోజువి” అని ఉండాలి. మన దగ్గర ఫ్యాన్ల గిరాకీ శివరాత్రికి చలి పోగానే మొదలవుతుంది. ఆ పండగకు రెండు వారాల ముందే కూర్చుని ధరలు, యూనిట్ లెక్క, సర్వీసు ఉన్న ఊళ్ల జాబితా సరిచూసుకోండి. పోయిన ఏడాది వాపసు కారణాలు కూడా ఎదురుగా పెట్టుకోండి. సీజను మొదలయ్యాక ఫోన్లు ఎత్తడానికే తీరిక ఉండదు.